ఫోటోలోంచి మనిషిని తీసేశాక, ప్రింట్‌కి పంపేముందు ఏం చూసుకోవాలి

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది పర్లాకిమిడి, చిన్న స్టూడియో. గోపాలపూర్ బీచ్‌లో తీసిన పెళ్లి జంట ఫోటోలో వెనకాల పల్లీలు అమ్మే అతను పడ్డాడు. తీసేశాను. ఫోన్‌లో, మానిటర్ మీద చాలా బాగుంది. ఆల్బం వచ్చాక పెళ్లికొడుకు మేనమామ ఆ చోటు మీదే వేలు పెట్టి "ఇక్కడ ఎవరో ఉండాలే" అన్నారు. జూమ్ చేసి చూడు, మాస్క్ ఇన్వర్ట్ చెయ్యి, ఛానల్స్ చూడు అని అందరూ అంటారు. ఏది ఎందుకో ఎవరూ చెప్పరు. PSD పెడుతున్నాను, ఎక్కడ తప్పు జరిగిందో చూపించగలరా? షీటు మళ్లీ వేయించాలి, టెన్షన్‌గా ఉంది.

సమాధానం:

తమ్ముడూ, నీ PSD తెరిచి గంటసేపు చూశాను. నేను బరంపురంలో ఇరవై ఏళ్లకు పైగా ఆల్బం పనే చేస్తున్నాను. గోపాలపూర్ ఇసుక మీద నిలబడ్డ జంటల ఫోటోలు ఎన్ని నా చేతిమీదుగా వెళ్లాయో లెక్క లేదు. నీ పని చెడ్డది కాదు. మనిషి ఒళ్లు మొత్తం పోయింది. కానీ అతని నీడ ఉంది, మోచేతి రంగు ఉంది, తల తాలూకు మసక ఉంది. అతను నిలబడ్డ చోట తడి ఇసుక బదులు పొడి ఇసుక వచ్చి కూర్చుంది. ఈ నాలుగూ ఒక్క చూపుకి దొరకవు. జూమ్‌కి దొరికేది ఒకటి, మాస్క్‌కి దొరికేది ఇంకొకటి, ఛానల్‌కి దొరికేది వేరొకటి. అందుకే మూడూ చూడమంటారు.

ముందు ఫోన్‌లో ఎందుకు కనపడలేదో చెప్తాను. నీ ఫోటో 6000×4000 పిక్సెళ్లు. ఫోన్‌ని అడ్డంగా తిప్పినా చాలా ఫోన్ల తెర మీద రెండున్నర వేలకు మించి పిక్సెళ్లు ఉండవు, నిలువుగా పట్టుకుంటే వెయ్యి చిల్లరే. అంటే ఆరు పిక్సెళ్లు కలిసి ఒకటిగా కనిపిస్తున్నాయి. 30 పిక్సెళ్ల వెడల్పున్న మచ్చ అక్కడ ఐదు పిక్సెళ్ల చుక్క. అదే ఫోటో నువ్వు 12×36 షీటులో ఒక పేజీకి, అంటే 18 అంగుళాల వెడల్పుకి పెట్టావు. 300 రిజల్యూషన్‌లో అది 5400 పిక్సెళ్లు. అక్కడ ఆ 30 పిక్సెళ్లు 27 అవుతాయి, కాగితం మీద రెండు మిల్లీమీటర్ల పైచిలుకు. ఆల్బం ఒళ్లో పెట్టుకుని చూసే మనిషికి రెండు మిల్లీమీటర్లు బాగానే కనిపిస్తాయి. మేనమామగారి కన్ను చురుకైనదే, కానీ ఆయన చూసిన సైజు కూడా నువ్వు చూసిన సైజు కాదు.

జూమ్ అనగానే మన కుర్రాళ్లు 400కి పోయి పిక్సెళ్లు లెక్కపెడతారు. అక్కడ అన్నీ చదరాలే, ఏది తప్పో ఏది ఒప్పో తెలియదు. నేను చూసేది రెండే సైజులు. ఒకటి 100 శాతం, `Ctrl+1`. ఆ సైజులో ఫోటో పిక్సెల్ ఒకటి తెర పిక్సెల్ ఒకటిగా ఉంటుంది. 66.7, 33.3 లాంటి సైజుల్లో ఫోటోషాప్ పిక్సెళ్లను కలిపి చూపిస్తుంది. దాంతో గ్రెయిన్ మెత్తబడి, ప్యాచ్‌కీ పక్కనున్న ఇసుకకీ తేడా చెరిగిపోతుంది. రెండోది దానికి పూర్తిగా వ్యతిరేకం. `Ctrl+0` నొక్కి, ఇంకా తగ్గించి, ఫోటో అరచేతి అంత అయ్యేదాకా చిన్నది చెయ్యాలి. ఒకే ఆకారం రెండుసార్లు రావడం 100లో అంత తేలిగ్గా దొరకదు, ఎందుకంటే అక్కడ రెండింటినీ కన్ను ఒకేసారి చూడదు. నీ ఫోటోని అంత చిన్నది చేయగానే నాకు నురగలో రెండు కవలలు కనిపించాయి. పెళ్లికూతురి భుజానికి కుడివైపు కొడవలి వంపులాంటి నురగ ముక్క ఒకటి ఉంది. దానికి మూడు వందల పిక్సెళ్ల అవతల అచ్చం అదే వంపు, అదే చీలిక. Content-Aware Fill పక్కనున్నదే తెచ్చి అతికిస్తుంది కాబట్టి ఇది మామూలే. రెండోదాన్ని క్లోన్ స్టాంప్‌తో కొంచెం చెరిపి, వంపు మారిస్తే చాలు.

100లో చూసేటప్పుడు ప్యాచ్ నడుమ చూడకు, దాని అంచు వెంట నడువు. నడుమ అంతా ఒకే రకం ఇసుక ఉంటుంది, కన్ను ఒప్పేసుకుంటుంది. తప్పు ఎప్పుడూ అంచులో ఉంటుంది. హీలింగ్ బ్రష్ మెత్తటి అంచుతో వాడితే, రెండు చోట్ల గ్రెయిన్ ఒకదాని మీద ఒకటి కలిసిపోయి అక్కడ ఒక నున్నటి ఉంగరం ఏర్పడుతుంది. లోపల గ్రెయిన్ ఉంటుంది, బయట గ్రెయిన్ ఉంటుంది, మధ్యలో మాత్రం ఇస్త్రీ చేసినట్టు ఉంటుంది. నీ ఫోటోలో అది మోకాళ్ల ఎత్తున, నీటికీ ఇసుకకీ మధ్య స్పష్టంగా ఉంది. హీలింగ్ బ్రష్ మోడ్‌ని Replace లో పెట్టి ఆ అంచు మీద మళ్లీ గీస్తే గ్రెయిన్ తిరిగి వస్తుంది. ఆ మోడ్ ఉన్నదే అందుకు.

ఇంకో చోటు తప్పకుండా చూడాలి, దిగంత రేఖ. చదునైన చోట కెమెరాని నిలబడి కంటి ఎత్తులో పట్టుకుంటే, దిగంతం కూడా కంటి ఎత్తులోనే పడుతుంది. కాబట్టి ఎంత దూరంలో నిలబడినా అంత ఎత్తున్న మనుషుల తలలన్నీ సుమారుగా ఆ గీత మీదికే వస్తాయి. బీచ్‌లో అలా నిలబడ్డ ఎవరిని తీసేసినా వాళ్ల తల చోట సముద్రం, ఆకాశం కలిసే గీత తెగిపోతుంది, దాన్ని మనమే మళ్లీ కలపాలి. నీ ఫోటోలో ప్యాచ్ లోపల ఆ గీత మూడు పిక్సెళ్లు కిందికి దిగింది. రూలర్ (`Ctrl+R`) నుంచి ఒక గైడ్ లాగి గీత మీద పెట్టు, మెట్టు కనిపిస్తుంది. నీటి గీత ఎక్కడా మెట్టు దిగదని చూసేవాళ్ల కంటికి తెలుసు, నోటితో చెప్పలేకపోయినా.

ఇక మాస్క్. నువ్వు బ్యాక్‌గ్రౌండ్‌ని కాపీ చేసి, ఆ కాపీలో మనిషిని తీసేసి, మాస్క్‌తో ఆ చోటు మాత్రమే చూపించావు. చాలా మంచి పద్ధతి. నేరుగా బ్యాక్‌గ్రౌండ్ మీద చేసి ఉంటే నేను ఇప్పుడు ఏమీ చూపించగలిగేవాణ్ని కాదు.

`Alt` పట్టుకుని మాస్క్ బొమ్మ మీద క్లిక్ చెయ్యి. ఫోటో పోయి మాస్క్ ఒక్కటే నలుపు తెలుపుల్లో కనిపిస్తుంది. తెలుపు ఉన్నచోట నీ ప్యాచ్, నలుపు ఉన్నచోట అసలు ఫోటో. చూడ్డానికి నీ మాస్క్ లోపలంతా తెల్లగానే ఉంది. కానీ అసలు తెలుపు 255, నీ తెలుపులో కొంత భాగం 225 దగ్గర ఆగింది. మెత్తగా మారుతున్న చోట ఆ తేడా కంటికి అందదు. అలాగే ఉంచి `Ctrl+L` నొక్కి, ఎడమవైపు నల్ల స్లైడర్‌ని 250 దాకా లాగు. పూర్తి తెలుపు కానిదంతా ఒక్కసారిగా నల్లబడుతుంది. నీ మాస్క్‌లో తల దగ్గర ఒక పెద్ద నల్ల మచ్చ తేలింది. బ్రష్ ఒపాసిటీ 88లో ఉంచి గీశావు, మిగతా చోట్ల రెండు మూడుసార్లు పోయింది కాబట్టి నిండింది, తల దగ్గర పూర్తిగా నిండలేదు. 225 అంటే అక్కడ అసలు ఫోటో ఇంకా పన్నెండు శాతం కనిపిస్తున్నట్టు లెక్క. లేత ఆకాశం మీద నల్లటి జుట్టు పన్నెండు శాతం అంటే పొగ మరకలా ఉంటుంది. "ఇక్కడ ఎవరో ఉండాలే" అన్న మాట దాన్ని చూసే వచ్చి ఉంటుంది.

తరువాత దీన్ని తిరగేసి కూడా చూడాలి. నల్ల స్లైడర్‌ని వెనక్కి పెట్టి, కుడివైపు తెల్ల స్లైడర్‌ని 5 దాకా తీసుకురా. ఇప్పుడు పూర్తి నలుపు కానిదంతా తెల్లబడుతుంది. పొరపాటున వేరే చోట పడ్డ బ్రష్ చుక్కలు ఇందులో తేలతాయి. నీకు అలాంటివి ఏమీ లేవు. చూడటం అయ్యాక `Cancel` కొట్టాలి, `OK` కొడితే మాస్క్ అంచుల మెత్తదనం పోయి కత్తిరించినట్టు అవుతుంది. ఇది గుర్తుపెట్టుకో. అంచు చుట్టూ సన్నటి బూడిద రంగు ఎలాగూ ఉంటుంది, ఉండాలి కూడా. వెతకాల్సింది అంచు కాని చోట కనిపించే బూడిద రంగుని.

ఇప్పుడు ఇన్వర్ట్ సంగతి. చాలామంది మాస్క్ మీద `Ctrl+I` కొట్టి, మనిషి తిరిగి వచ్చాడని చూసి, మళ్లీ కొట్టి ఊరుకుంటారు. అందులో తెలిసేది తక్కువ. నేను చేసేది వేరు. `Ctrl` పట్టుకుని మాస్క్ బొమ్మ మీద క్లిక్ చేస్తే ఆ ఆకారం సెలక్షన్‌గా వస్తుంది. అప్పుడు లేయర్స్ ప్యానెల్ కింద ఉండే సగం నలుపు సగం తెలుపు గుండ్రం నొక్కి `Solid Color` ఎంచుకో. ఫోటోలో ఎక్కడా లేని రంగు ఇవ్వు. పెళ్లికూతురిది చిలకాకుపచ్చ బరంపురం పట్టు కాబట్టి నేను రాణీ రంగు పెట్టాను. నువ్వు మనిషిని తీసేసిన చోటంతా ఇప్పుడు రాణీ రంగుతో మూసుకుపోతుంది.

ఆ రంగు లోపలికి చూడకు. దాని అంచుల్లోంచి బయటికి ఏం పొడుచుకొస్తోందో చూడు. నీ ఫోటోలో పాదాల దగ్గర నుంచి సముద్రం వైపు, కొంచెం ఎడమకి వాలుగా, నురగ మీద ఒక బూడిద రంగు పట్టీ బయటికి పోతోంది. అది అతని నీడ. సాయంత్రం ఎండ ఊరివైపు నుంచి, కెమెరా వెనక నుంచి పడుతోంది. జంట నీడలు కూడా అదే వాలులో సముద్రం వైపే పోయాయి, పోల్చి చూసుకో. తడి ఇసుక అద్దంలాంటిది, దాని మీద నీడ సరిగ్గా పడదు, ప్రతిబింబం పడుతుంది. అది పాదాల నుంచి మనవైపు కిందికి వస్తుంది. నువ్వు ఆ ప్రతిబింబాన్ని చూశావు, శ్రద్ధగా తీశావు కూడా. కానీ నురగ తెల్లటిది, అద్దం కాదు, దాని మీద నీడ బాగా పడుతుంది. నీడ ఒకవైపు, ప్రతిబింబం ఇంకోవైపు పోయాయి కాబట్టి ఒకటి తీసేసరికి పని అయిపోయిందనిపించింది. తడి నేల మీద, గచ్చు మీద, గ్రానైట్ మండపాల్లో మనిషికి ఎప్పుడూ రెండు తోకలుంటాయి. రెండూ వెతకాలి.

ఈ విషయం మీద నాకు ఇంత పట్టుదల ఎందుకో చెప్తాను. పని నేర్చుకున్న కొత్తలో ఒక ఇంటి ఒడుగు ఫోటోలో గోడ పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీని తీసేశాను. కుర్చీ పోయింది, గోడ మీద దాని కాళ్ల నీడ నాలుగు గీతలుగా మిగిలింది. నేను చూడలేదు, చూపించే పెద్దవాళ్లు కూడా ఆ రోజు లేరు. వాళ్లు దాన్ని పెద్దది చేయించి హాల్లో పెట్టుకున్నారు. ఆ పిల్లవాడి తాతగారు ఉన్న చివరి ఫోటో అది. మార్చి ఇస్తానని రెండుసార్లు అడిగాను, ఆయన చేత్తో తుడిచిన ఫ్రేము, కదపం అన్నారు. ఆ ఇంటికి వెళ్లినప్పుడల్లా ఆ నాలుగు గీతలే నాకు కనిపిస్తాయి. అప్పటి నుంచి రంగు వేసి మూసి చూడకుండా ఏ ఫోటో పంపలేదు.

ఇప్పుడు ఆ రాణీ రంగు లేయర్ మాస్క్ మీద `Ctrl+I` కొట్టు. తిరగబడుతుంది. ప్యాచ్ ఒక్కటే కిటికీలా కనిపిస్తుంది, మిగతా ఫోటో అంతా రాణీ రంగు కింద దాగిపోతుంది. పెళ్లికూతురి ముఖం, నగలు, చీర ఏవీ లేవు కాబట్టి కన్ను వాటి వైపు లాగదు. ఫోటోలో మనిషి ముఖం ఉంటే ఎంత అనుభవం ఉన్నవాళ్ల చూపైనా అటే పోతుంది, ఇన్వర్ట్ వల్ల మొదటి లాభం అదే.

రెండో లాభం ఇంకా పెద్దది. అలాగే ఉంచి, నీ ప్యాచ్ లేయర్ పక్కనున్న కన్ను గుర్తు ఆపెయ్యి. కిటికీలో పల్లీలతను తిరిగి కనిపిస్తాడు. అతని చుట్టూ అన్నివైపులా కొంచెం ఇసుకో నీళ్లో ఆకాశమో కనిపించాలి. 24 మెగాపిక్సెల్ ఫోటోలో ఐదారు పిక్సెళ్లు ఉన్నా చాలు. ఎక్కడైనా అతని ఒళ్లు నేరుగా రాణీ రంగుని తాకిందంటే, నీ మాస్క్ అక్కడ అతన్ని కోసింది, అతని ముక్క ఒకటి బయట మిగిలిపోయింది. నీ ఫోటోలో ఎడమ మోచేయి తాకుతోంది. అక్కడే పెళ్లికూతురి పమిట చెంగు గాలికి ఎగిరింది. చెంగుని కాపాడబోయి మాస్క్‌ని లోపలికి జరిపావు. చెయ్యాల్సిందే, కానీ చెంగు అంచున సన్నటి గీత మేర అతని మెరూన్ చొక్కా మిగిలింది. 100లో చూస్తే అది చీర అంచులో కుట్టులా అనిపిస్తుంది, అందుకే నువ్వు వదిలేశావు. అది కుట్టో చొక్కానో ఛానల్‌లో తేలుతుంది.

ఛానల్స్ దగ్గరికి వచ్చేముందు రాణీ రంగు లేయర్‌ని ఆపి, ప్యాచ్ లేయర్‌ని మళ్లీ ఆన్ చెయ్యి. `Ctrl+3` ఎరుపు, `Ctrl+4` ఆకుపచ్చ, `Ctrl+5` నీలం, `Ctrl+2` మళ్లీ మామూలు ఫోటో. ఒక్కోటి నలుపు తెలుపుల్లో కనిపించాలి. రంగుల్లో కనిపిస్తే ప్రిఫరెన్సెస్‌లో `Interface` కింద `Show Channels in Color` టిక్ తీసెయ్యి, లేకపోతే నీలం ఛానల్ ముదురు నీలంగా కనిపించి ఏమీ తెలియదు. గింప్ వాడేవాళ్లు `Colors > Components > Decompose` తో ఇవే మూడింటిని విడివిడిగా తీసుకోవచ్చు.

ముందు ఆకుపచ్చ ఛానల్‌లో చెంగు అంచు చూడు. చిలకాకుపచ్చ చీర అక్కడ లేతగా ఉంటుంది, వెనకున్న ఇసుక కూడా లేతగానే ఉంటుంది. మెరూన్‌లో ఆకుపచ్చ దాదాపు ఉండదు కాబట్టి అది చీకటిగా వస్తుంది. చెంగు పొడవునా అంచులో కుట్టు ఉంటే ఆ గీత మొదటి నుంచి చివరిదాకా ఉండాలి. నీ ఫోటోలో మోచేయి ఉన్నంత మేరే నల్లగా ఉంది, ఆ పైనా కిందా లేదు. అంటే అది కుట్టు కాదు, చొక్కా. చెంగుకి సెలక్షన్ వేసుకుని, ఆ గీత మీద పక్కనున్న చీర అంచునే క్లోన్ చెయ్యి. అంచుని లోపలికి ఒకటి రెండు పిక్సెళ్లు జరిపినా ఫరవాలేదు. చీర అంత సన్నం తగ్గిందని ఎవరూ చూడరు, మెరూన్ గీత మాత్రం చూస్తారు.

ఇక నీలం ఛానల్. `Ctrl+5` కొట్టగానే పాదాల దగ్గర అరచెయ్యంత నల్ల మరక లేచింది. మామూలు ఫోటోలో అక్కడ ఏమీ లేదు. ఐడ్రాపర్‌ని `5 by 5 Average` లో పెట్టి Info ప్యానెల్‌లో చదివాను. చుట్టూ ఉన్న తడి ఇసుక ఎరుపు 142, ఆకుపచ్చ 136, నీలం 131. నీ ప్యాచ్ ఎరుపు 150, ఆకుపచ్చ 136, నీలం 108.

ఈ రెండింటి వెలుగు లెక్కకట్టి చూడు. మన కంటికి తోచే వెలుగులో ఆకుపచ్చది పెద్ద వాటా, నీలానిది అతి చిన్న వాటా. మామూలుగా వాడే లెక్క ఇది:

```
0.299 R + 0.587 G + 0.114 B

142, 136, 131  ->  137.2
150, 136, 108  ->  137.0
```

రెండూ ఒకటే. అందుకే తెర మీద నీకు అతుకు కనపడలేదు. నువ్వు వెలుగు సరిపోల్చావు, అది సరిగ్గా కుదిరింది కూడా. రంగు మాత్రం కుదరలేదు. తడి ఇసుక ఆకాశాన్ని ప్రతిఫలిస్తుంది కాబట్టి దానిలో నీలం ఎక్కువ. పొడి ఇసుకకి ఆ మెరుపు లేదు, దాని సొంత పసుపు రంగే కనిపిస్తుంది, పసుపులో నీలం తక్కువ. నువ్వు క్లోన్ సోర్స్‌ని జంట కాళ్ల దగ్గర, ఒడ్డువైపు పొడి ఇసుక నుంచి తీసుకున్నావు. తెర మీద కొంచెం గోధుమ రంగుగా ఉన్నట్టు అనిపించి ఉండొచ్చు, అంతే. ప్రింట్‌లో పక్కపక్కన పడేసరికి ఎండిన మచ్చలా తేలింది.

దీన్ని రెండు రకాలుగా సరిచెయ్యొచ్చు. తొందరగా అయ్యేది, ప్యాచ్ లేయర్ మీద `Curves` పెట్టి `Alt+Ctrl+G` తో దానికే అంటించి, నీలంలో 108ని 131కి, ఎరుపులో 150ని 142కి మార్చడం. ఆకుపచ్చ ముట్టుకోకు. ఆ కర్వ్స్ మాస్క్‌ని పాదాల దగ్గర ఇసుక వరకే ఉంచు, లేకపోతే పైనున్న నీళ్లు, ఆకాశం కూడా నీలంగా మారతాయి. నాకు ఇష్టమైనది మాత్రం రెండో పద్ధతి, ఇసుకని మళ్లీ తీసుకోవడం. అల ఎక్కి దిగే చోట తడి, ఒడ్డు వెంట పట్టీలు పట్టీలుగా ఉంటుంది. ఒకే పట్టీలో ఎడమకీ కుడికీ పోతే తడి ఒకటే, దూరం ఒకటే కాబట్టి ఇసుక రేణువుల సైజూ ఒకటే. పైకీ కిందికీ పోతే రెండూ మారిపోతాయి. అందుకని బీచ్‌లో క్లోన్ సోర్స్ ఎప్పుడూ అడ్డంగా తీసుకోవాలి, నిలువుగా తీసుకోకూడదు. పొలం గట్లకీ, తారు రోడ్డుకీ, మెట్లకీ ఇదే వర్తిస్తుంది.

నీలం ఛానల్ చూసేటప్పుడు ఒక జాగ్రత్త. కెమెరా సెన్సర్‌లో ప్రతి నాలుగు గళ్లలో రెండు ఆకుపచ్చవి, ఒకటి ఎరుపు, ఒకటి నీలం. నీలానికి సమాచారం తక్కువ, గ్రెయిన్ ఎక్కువ. దానికి తోడు జేపెగ్ రంగు సమాచారాన్ని ఇంకా కుదించి దాస్తుంది. అందుకే నీలం ఛానల్ అంతా గరుగ్గా, అక్కడక్కడ 8×8 చదరాలుగా ఉంటుంది. అది చూసి ఫోటో అంతా పాడైందనుకోకు. ఒక చోటు అనుమానంగా ఉంటే, ఫోటోలో నువ్వు ముట్టుకోని చోట, అదే రకం ఇసుక, మధ్య నుంచి అంతే దూరంలో ఉన్నది వెతికి, దానితో పోల్చు. రెండు చోట్లా ఒకేలా గరుగ్గా ఉంటే అది కెమెరా గుణం. ప్యాచ్‌లో మాత్రమే నున్నగా ఉంటేనో, మాత్రమే గరుగ్గా ఉంటేనో అది మన చేతి పని. ఫోటో మూలల్లో ఎరుపు ఛానల్, నీలం ఛానల్ అంచులు ఒకదాని మీద ఒకటి కూర్చోకపోవడం కూడా లెన్స్ వల్లే, దాన్ని తప్పుగా లెక్కవేయకు.

వాట్సాప్‌లో వచ్చిన ఫోటో మీద ఈ ఛానల్ పరీక్ష చెయ్యకు. అది సైజు తగ్గించి మళ్లీ కుదిస్తుంది. గ్రెయిన్ మొత్తం పోయి చదరాలే మిగులుతాయి, వాటిలో అతుకుకీ కుదింపుకీ తేడా తెలియదు. ఎవరైనా తనిఖీ కోసం పంపితే డ్రైవ్‌లో ఒరిజినల్ పెట్టమను. రెండు ఫైళ్లూ ఉంటే, అంటే అసలుదీ మార్చినదీ, ఒకదాని మీద ఒకటి పెట్టి పైదానికి `Difference` మోడ్ ఇస్తే మారిన చోటు తప్ప మిగతాదంతా నల్లగా అవుతుంది. కానీ అది ఎక్కడ మారిందో చెప్తుంది, మార్పు బాగుందా లేదా అన్నది చెప్పదు.

నీ షీటుకి ఇప్పుడు వరస ఇలా పెట్టుకో. ముందు మాస్క్‌లో తల దగ్గర పూర్తి తెలుపు నింపు. అది నింపగానే దిగంతం మెట్టు ఇంకా గట్టిగా కనిపిస్తుంది, కంగారు పడకు, అప్పుడే దాన్ని కలుపు. తరువాత మాస్క్‌ని నురగ మీద నీడ చివరిదాకా పెంచి, నీడ మీద అదే వరస నురగని అడ్డంగా తీసుకుని వెయ్యి. ఈ కొత్త నురగలో మళ్లీ కవలలు రావచ్చు, చిన్నది చేసి చూసుకో. ఆ తరువాత చెంగు గీత. ఇసుక రంగు చివరికి పెట్టుకో, ఎందుకంటే మిగతావి చేసేటప్పుడు ప్యాచ్ మళ్లీ మారుతుంది. అన్నీ అయ్యాక మూడు ఛానళ్లూ ఒకసారి, రాణీ రంగుతో అటూ ఇటూ ఒకసారి.

వెంటనే పెద్ద షీటు వేయించకు. ఫోటోని షీటులో పెట్టిన సైజులోనే, 300 రిజల్యూషన్‌లో, ప్యాచ్ మధ్యకి వచ్చేలా 1800×1200 పిక్సెళ్ల ముక్క కత్తిరించు. అది సరిగ్గా ఒక 4×6. పెద్ద షీటు వేసే ల్యాబ్‌లోనే, అదే కాగితం మీద ఆ ముక్క ఒక్కటి తీయించు. షీటులో ఎంత సైజు పడుతుందో అంతే సైజులో ప్యాచ్ నీ చేతికి వస్తుంది. ఫోటోలో ఎవరున్నారో తెలియని మనిషికి, ఇంట్లో అమ్మకో, పక్క కొట్టు ఆయనకో ఇచ్చి, ఏమీ చెప్పకుండా ఎక్కడైనా తేడాగా ఉందా అని అడుగు. వాళ్ల వేలు పాదాల దగ్గరికి గానీ, చెంగు దగ్గరికి గానీ పోతే ఆ చోటు ఫోటో తీసి ఇక్కడే పెట్టు, చూస్తాను.